పూతరేకుల వీడియో: ఒకరికి క్యాప్షన్లు అందట్లేదు, ఇంకొకరికి ఆ "సుయ్" ఏంటో తెలియట్లేదు

గోదారి_గట్టు
మా పిన్ని ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తుంది. ఆవిడ చేతిపని మీద ఏడు నిమిషాల వీడియో చేసి పెట్టాను. పిన్ని మాటలన్నీ తెరమీద కింద రాశాను, ఒక్క ముక్క కూడా వదల్లేదు. రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఫిర్యాదులొచ్చాయి.

వినపడని ఒకావిడ కామెంట్ పెట్టారు: "చదివేలోపే అక్షరాలు పోతున్నాయి. అక్షరాలు చూస్తే రేకు పోతోంది, రేకు చూస్తే అక్షరాలు పోతున్నాయి." రెండోది మా మరిది. తనకి చూపు లేదు. మొత్తం విని, "వదినా, మధ్యమధ్యలో సుయ్ మంటోంది, ఏంటది?" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. పిండిలో ముంచిన గుడ్డని వేడి కుండ మీదుగా లాగితే వచ్చే చప్పుడది. రేకు పుట్టేది ఆ క్షణంలోనే. నేను వీడియో తీసిందే దానికోసం, తనకి చేరనిదీ అదే.

రెండూ సరిచెయ్యాలి. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

తాటిముంజ
రేకులు పోతున్నాయంటే పిండి చిక్కబడిందన్నమాట. ఇంకాస్త నీళ్ళు పోసి చూడమనండి. మా అత్తగారు కూడా ఇదే గోల పడేవారు.

గోదారి_గట్టు
@తాటిముంజ రేకులు బాగానే వస్తున్నాయండీ, చూసేవాళ్ళకి అందట్లేదు. వీడియో గురించి అడుగుతున్నాను.

తాటిముంజ
ఓహో, సగం చదివి రాసేశాను. అయినా పిండి మాట గుర్తుపెట్టుకోండి.

కత్తెర_కన్ను
సబ్‌టైట్లింగ్ పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. ముందు మూడు విషయాలు చెప్పండి. క్యాప్షన్లు వీడియోలోనే అతికించేశారా, విడి ఫైలుగా ఉన్నాయా? పిన్నిగారి మాట ఆగిన క్షణంలోనే అక్షరాలు కూడా మాయమవుతున్నాయా? బాగా ఇబ్బంది పెట్టిన ఒక్క వాక్యం, అది తెరమీద ఉన్న సెకన్లతో సహా ఇక్కడ పెట్టగలరా?

గోదారి_గట్టు
అతికించేశాను, ఎడిటింగ్ యాప్‌లోనే. మాట ఆగగానే అక్షరాలు పోతాయి, అలాగే ఉండాలనుకున్నాను. వాక్యం ఇది, 2.6 సెకన్లు ఉంది:

"పిండి పాలలాగ జారాలమ్మా, గట్టిగుంటే రేకు మందం వచ్చేసి ఇరిగిపోద్ది"

టెక్_తమ్ముడు
లెక్క కట్టాను అక్కా. 8 పదాలు, 2.6 సెకన్లు, అంటే నిమిషానికి 185 పదాలు. బీబీసీ వాళ్ళు 160 నుంచి 180 దాకా పర్లేదంటారు. కొంచెమే ఎక్కువ. ఇందులో తప్పేం లేదు, ఆవిడే నెమ్మదిగా చదువుతున్నారేమో.

మౌని
నేను ఆవిడని కాదు, కానీ నాకూ ఇరవై ఏళ్ళుగా వినపడదు. నెమ్మదిగా చదవను, రోజుకో పేపరు మొత్తం చదువుతాను. మీ వాక్యం 2.6 సెకన్లలో నాకు కూడా అందలేదు. చదవడం ఒక్కటే పని అయితే అందేదేమో. కళ్ళు కింద నుంచి పైకెళ్ళి పిన్నిగారి చేతిని చూసి మళ్ళీ కిందికి రావాలి. వినేవాళ్ళకి ఆ ప్రయాణం లేదు.

కత్తెర_కన్ను
@టెక్_తమ్ముడు లెక్క సరిగ్గానే చేశావు, కొలబద్దే మనది కాదు. ఆ 160, 180 ఇంగ్లిష్ పదాలకి. మన "ఇరిగిపోద్ది" ఒక్క పదం, అదే మాటని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మూడో నాలుగో పదాలు పడతాయి. విభక్తులూ క్రియలూ అన్నీ ఒకే పదంలో కలిసిపోయే భాషని పదాల్లో కొలిస్తే ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది.

టెక్_తమ్ముడు
సరే, పదాలు వదిలేద్దాం. సెకనుకి ఎన్ని క్యారెక్టర్లో చూద్దాం. ఖాళీలతో కలిపి 64 వచ్చాయి. సెకనుకి 24.6. ఇంగ్లిష్‌లో 17 నుంచి 20 దాటితే సబ్‌టైటిల్ టూల్ ఎర్రగా చూపిస్తుంది. ఒప్పుకుంటున్నా, ఎక్కువే.

కత్తెర_కన్ను
ఇప్పుడు దగ్గరికొచ్చావు, కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. "ఉప్పు" అన్న మాట రాయి. మన కంటికి రెండక్షరాలు, ఉ, ప్పు. కంప్యూటర్‌కి ఐదు: ఉ, ప, పొల్లు, ఇంకో ప, కొమ్ము. "స్త్రీ" అయితే కంటికి ఒకటి, కంప్యూటర్‌కి ఆరు. వత్తులెక్కువున్న వాక్యానికి టూల్ ఎర్రగీత ఊరికే గీస్తుంది, వత్తుల్లేని వాక్యాన్ని వదిలేస్తుంది. అందుకే నేను తెలుగు పనిలో ఎర్రగీతని హెచ్చరికగానే చూస్తాను, తీర్పుగా కాదు.

నేను లెక్కపెట్టేది నోటితో పలికే అక్షరాలు. ఆ వాక్యంలో 26 ఉన్నాయి. 2.6 సెకన్లకి 26, అంటే సెకనుకి 10. మామూలు కబుర్ల వీడియోలో నేను 8 దాటనివ్వను. చేతిపని చూపించే వీడియోలో, మౌనిగారు చెప్పిన ఆ కంటి ప్రయాణం ఉంటుంది కాబట్టి 7 లోపు ఉంచుతాను. ఇవి నా పనిలో నేను పెట్టుకున్న హద్దులు, ఎవరి రూలూ కాదు.

@గోదారి_గట్టు ఆ వాక్యం తర్వాత పిన్నిగారు మళ్ళీ ఎప్పుడు మాట్లాడతారు?

గోదారి_గట్టు
ఇప్పుడే చూశాను. ఆగి గుడ్డ పిండిలో ముంచుతుంది. తర్వాతి మాట సెకనున్నర తర్వాత.

కత్తెర_కన్ను
అయితే ఒక్క అక్షరం కూడా కొయ్యక్కర్లేదు. మాట మొదలైనప్పుడే క్యాప్షన్ రానివ్వండి, పోవడం మాత్రం 1.4 సెకన్లు ఆలస్యం చెయ్యండి. 2.6 కాస్తా 4 సెకన్లవుతుంది. 26 అక్షరాలు 4 సెకన్లకి, అంటే సెకనుకి 6.5. హాయిగా అందుతుంది. కొత్తగా చేసేవాళ్ళు మాటకీ క్యాప్షన్‌కీ ఒకేచోట ముగింపు పెడతారు, తొందరంతా అక్కడే పుడుతుంది. మనిషి ఊపిరి తీసుకునే ఖాళీ చదివేవాళ్ళదే. తర్వాతి క్యాప్షన్‌కి ముందు రెప్పపాటు ఖాళీ తెర మాత్రం వదలండి. లేకపోతే కొత్తది వచ్చిందని కన్ను గుర్తుపట్టదు.

బందరు_లడ్డు
అంటే పిన్నిగారు ఊపిరి తీసుకున్నప్పుడల్లా మనం చదువుకోవాలన్నమాట. ఆవిడ గోదారి మనిషి, ఊపిరి తీసుకుంటుందా అసలు?

గోదారి_గట్టు
@బందరు_లడ్డు కొన్నిచోట్ల నిజంగానే తీసుకోదండీ. నేను అడిగేదీ అదే. ఇదిగో, 3.5 సెకన్లు, తర్వాత వెంటనే ఇంకో వాక్యం:

"అదేనమ్మా, నేనేం చెప్తన్నానంటే, కుండ వేడెక్కిందో లేదో నీళ్ళు చిలకరించి చూసుకోవాలన్నమాట"

ఇక్కడ ఆలస్యం చెయ్యడానికి చోటే లేదు.

కత్తెర_కన్ను
34 అక్షరాలు, సెకనుకి దాదాపు 10. ఇక్కడ మాత్రం తగ్గించాలి. "కుండ వేడెక్కిందో లేదో నీళ్ళు చిలకరించి చూసుకోవాలి." 20 అక్షరాలు. విషయం ఏమీ పోలేదు.

మౌని
నేను ఒప్పుకోను. మీకు ఏమీ పోలేదనిపిస్తుంది, ఎందుకంటే పోయింది మీ చెవికి ఎలాగూ వినిపిస్తోంది. నాకు పెదాల కదలిక కొంత తెలుస్తుంది. ఆవిడ నోరు "అదేనమ్మా" అంటూ కదులుతుంటే కింద "కుండ" అని వస్తే నాకేదో దాస్తున్నారనిపిస్తుంది. పైగా "అదేనమ్మా" అనడంలోనే ఆ మనిషి ఉంది. ఇరవై ఏళ్ళుగా నాకు అందరి మాటలూ ఇస్త్రీ చేసి ఇస్తున్నారు.

పలక_బలపం
వినపడని పిల్లల బడిలో టీచర్ని. మౌనిగారి బాధ నిజం. నా పిల్లల సంగతి వేరు. మా బడిలో పుట్టుకతో వినపడని పిల్లలకి మొదటి భాష సైగల భాష. తెలుగు వాళ్ళు తర్వాత బడిలో నేర్చుకున్న భాష, మనం ఇంగ్లిష్ నేర్చుకున్నట్టు. మౌనిగారు విని పెరిగి తర్వాత వినికిడి పోగొట్టుకున్నారు కాబట్టి పేపరు చదివే వేగం ఉంది. మా తొమ్మిదో తరగతి అమ్మాయికి సెకనుకి 7 అక్షరాలు కూడా పరుగే. "వేడెక్కిందో లేదో" లాంటి చోట ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ అమ్మాయికి చిన్న వాక్యమే మేలు.

మౌని
@పలక_బలపం అది నేను ఆలోచించలేదు. అయినా నా మాట నాదే.

కత్తెర_కన్ను
మౌనిగారూ, ఒక మధ్యేమార్గం చూడండి: "అదేనమ్మా, కుండ వేడెక్కిందో లేదో నీళ్ళు చిలకరించి చూసుకోవాలి." 24 అక్షరాలు, సెకనుకి 7కి కాస్త తక్కువ. పెదాలు మొదలైన మాటతోనే క్యాప్షన్ కూడా మొదలవుతుంది. పోయింది "నేనేం చెప్తన్నానంటే", "అన్నమాట". బడి పిల్లలకి మాత్రం ఒక్క ఫైలుతో న్యాయం చెయ్యలేం. కాకపోతే యూట్యూబ్‌లో వేగం 0.75 పెట్టుకుంటే వీడియోతోపాటు క్యాప్షన్ కూడా అంతసేపు ఎక్కువ నిలుస్తుంది. 4 సెకన్లది 5 సెకన్లు దాటుతుంది.

మౌని
"అదేనమ్మా" ఉంచారు కాబట్టి ఈసారికి సరే. "ఇరిగిపోద్ది"ని మాత్రం ఎవరూ "విరిగిపోతుంది" చెయ్యకండి.

టెక్_తమ్ముడు
యాస రాస్తే చదవడం కష్టమవదా? పలక_బలపం గారి పిల్లలకి "ఇరిగిపోద్ది" ఏ పుస్తకంలోనూ దొరకదు.

పలక_బలపం
దొరకదు. కానీ నేను ఏం చెప్పాలో నాకే తెలియట్లేదు. వాళ్ళ ఊళ్ళో అందరూ అలాగే మాట్లాడతారు, అది ఆ పిల్లలకి ఒక్కసారైనా కనపడాలి కదా.

డల్లాస్_అమ్మమ్మ
మా మనవలకి తెలుగు వినిపిస్తుంది, చదవడం రాదు. ఇంగ్లిష్‌లో పెడితే వాళ్ళూ చూస్తారు. దాన్ని కూడా ఇందులోనే కలిపెయ్యరాదా?

కత్తెర_కన్ను
కలపకూడదమ్మా, అది వేరే ఫైలు. అనువాదంలో "సుయ్ మంటోంది" అని రాయక్కర్లేదు, మీ మనవలకి ఆ చప్పుడు వినపడుతుంది. వినపడనివాళ్ళ ఫైల్లో రాసి తీరాలి. అందుకే గోదారి_గట్టు గారూ, అతికించడం మానేసి విడి ఫైలుగా పెట్టమంటున్నాను. ఒకే వీడియోకి రెండు మూడు ఫైళ్ళు తగిలించొచ్చు, చూసేవాళ్ళు ఎంచుకుంటారు, అక్షరాలు పెద్దవి చేసుకుంటారు.

అతికించినవాటితో తెలుగుకి ఇంకో చిక్కు. మన వత్తులు కిందికి వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్‌కి సరిపడా వరుసల మధ్య దూరం పెట్టిన యాప్‌లో పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకేస్తుంది. మీ వీడియోలో "గట్టిగుంటే" ఒకసారి ఆపి చూడండి.

గోదారి_గట్టు
ఆపి చూశాను. టవత్తు కింది వరుసలో కలిసిపోయింది. నాకు మాట తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ కనపడలేదు.

ఫైలు ఎలా రాయాలో ఒక్కటి చూపించండి. ఇంకోటి, పిండి కొలత తెరమీద కింద అంకెల్లో వేశాను, క్యాప్షన్ వచ్చి దానిమీదే కూర్చుంటోంది.

కత్తెర_కన్ను
నోట్‌ప్యాడ్‌లోనే రాయొచ్చు. యూటీఎఫ్-8 గా దాచాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

```
WEBVTT

00:01:12.400 --> 00:01:16.400 line:10%
పిండి పాలలాగ జారాలమ్మా,
గట్టిగుంటే రేకు మందం వచ్చేసి ఇరిగిపోద్ది

00:01:17.900 --> 00:01:19.900
[కుండ మీద గుడ్డ సుయ్ మంటుంది]
```

line:10% అన్న చోట క్యాప్షన్ తెర పైకి వెళ్తుంది, మీ అంకెలు కనపడతాయి. అంకెలున్న వాక్యాలకే పెట్టండి, మిగతావి కిందే ఉండనివ్వండి. వరుస విరిచింది ఎక్కడో చూశారా, "జారాలమ్మా" దగ్గర. పై వరుస నిండింది కదా అని "గట్టిగుంటే" తర్వాత విరిస్తే చదివేవాళ్ళు అర్థాన్ని మధ్యలో వదిలి కిందికి దిగాలి. ఇది .vtt ఫైలు, సెకన్ల తర్వాత చుక్క. .srt అయితే అదేచోట కామా. ఒకదానిలోది ఇంకోదానిలో పెడితే చాలాచోట్ల ఫైలు ఎక్కదు, చాలామంది గంటలకొద్దీ వెతికేది ఈ ఒక్క చుక్క కోసమే.

మౌని
"సుయ్ మంటుంది" ఒకటే రాస్తే చాలదు. ఆ చప్పుడు బట్టి ఏమైనా తెలుస్తుందా పిన్నిగారికి?

గోదారి_గట్టు
తెలుస్తుంది! కుండ చల్లబడితే చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు చూడకుండానే కొబ్బరాకు ఇంకోటి తోస్తుంది. మూడో నిమిషంలో సరిగ్గా అదే జరుగుతుంది, ఒక్క మాట కూడా మాట్లాడదు.

మౌని
అదే రాయండి. [చప్పుడు మెత్తబడింది] అని. లేకపోతే ఆవిడ ఉన్నట్టుండి పొయ్యిలో ఆకు ఎందుకు పెట్టిందో నాకెలా తెలుస్తుంది? అన్నిసార్లూ సుయ్ అని రాయకండి, మారినప్పుడు రాయండి.

నాలుగో_వరుస
మొదటి నుంచీ చదువుతున్నాను, అంటే నా ఫోను చదివి వినిపిస్తోంది. నాకు పుట్టుకతో చూపు లేదు. బ్యాంకు ఉద్యోగం, వంట నేనే చేసుకుంటాను. ఇప్పటిదాకా అందరూ క్యాప్షన్ల మీదే పడ్డారు, మరిదిగారిని మర్చిపోయారు. వీడియో లింకు తీసుకుని విన్నాను. చెప్పమంటారా?

గోదారి_గట్టు
చెప్పండి, దాని కోసమే అడిగాను.

నాలుగో_వరుస
మొదట 18 సెకన్లు సంగీతం. తర్వాత ఒకావిడ "ఇదిగో ఇలా ముంచి, ఇలా లాగి, ఇలా తియ్యాలి" అన్నారు. మూడు "ఇలా"లు, నాకు మూడూ ఒకటే. "నెయ్యి ఇంత" అన్నారు. పిండి కొలత తెరమీద వేశానని ఇందాక రాశారు కాబట్టి ఒకటుందని తెలిసింది, వీడియోలో ఎవరూ పలకలేదు. కుండ అన్నారు, నేను మామూలుగా నిలబెట్టిన కుండే అనుకున్నాను. బోర్లించి ఉంటుందా?

గోదారి_గట్టు
బోర్లించే ఉంటుంది. గుండ్రటి అడుగు పైకి, మంట కింద. ఆకులు పెట్టడానికి పక్కన చిల్లు. అది చెప్పకపోతే మొత్తం తప్పుగా ఊహించుకుంటారని ఇప్పుడే తెలుస్తోంది. చూపులేనివాళ్ళకి తెరమీద జరిగేది గొంతుతో చెప్పే ఆడియో వివరణ కోసం ఇలా రాశాను, చూడండి:

"పచ్చని కోనసీమ ఒడిలో, ఎంతో ఓపికతో, తరతరాల నైపుణ్యం నిండిన చేతులతో పిన్ని ఒక అద్భుతాన్ని సృష్టిస్తోంది."

నాలుగో_వరుస
అక్కా, చాలా అందంగా ఉంది, కానీ నాకు ఇంకా కుండ కనపడలేదు. ఓపికో కాదో నేను తేల్చుకుంటాను, మీరు చేతులు ఏం చేస్తున్నాయో చెప్పండి.

కత్తెర_కన్ను
ఆ 18 సెకన్ల సంగీతం మీకు దొరికిన నిధి. అందులో మనిషి మాట లేదు. చదవడం సెకనుకి 6 అక్షరాల చొప్పున వేసుకుంటే ఓ 100 అక్షరాలు పడతాయి. ఇలా అనుకోండి:

"పెరట్లో తాటాకు పాక. మట్టి పొయ్యి మీద బోర్లించిన గుండ్రటి కుండ, నల్లగా నున్నగా మెరుస్తోంది. పిన్ని పక్క చిల్లులోంచి ఎండు కొబ్బరాకులు లోపలికి తోస్తోంది. పక్కన వెడల్పాటి గిన్నెలో తెల్లటి పిండి, పలుచటి గుడ్డ."

స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివాను, 15 సెకన్లలోపే అయింది. చివర్లో సంగీతం మూడు సెకన్లు ఊపిరి పీల్చుకుంటుంది. సంగీతాన్ని మీ గొంతు కింద తగ్గించండి. సుయ్‌ని మాత్రం ఎప్పుడూ తగ్గించకండి.

నాలుగో_వరుస
కుండ ఎంతుంటుంది? పెద్ద గాబు అంతా, చెంబంతా?

కత్తెర_కన్ను
చూశారా, చూసేవాణ్ణి కాబట్టి నేను వదిలేశాను. "మెరుస్తోంది" తీసేసి అక్కడ కొలత పెట్టాలి.

గోదారి_గట్టు
రెండు చేతులూ కలిపి చుట్టేస్తే అందేంత. పిన్నిని అడిగి సరిగ్గా రాస్తాను.

లాగే చోట ఏం చెయ్యాలి? ముంచడం, లాగడం, తియ్యడం అంతా కలిపి ఆరేడు సెకన్లు. మధ్యలో పిన్ని మాటలు కూడా.

కత్తెర_కన్ను
మాటల మీద వివరణ ఎక్కకూడదు, సుయ్ మీద కూడా ఎక్కకూడదు. కాబట్టి చప్పుడుకి ముందే చెప్పెయ్యాలి. గుడ్డ ముంచుతున్నప్పుడు 3 సెకన్లు ఉన్నాయి. "తడిగుడ్డని కుండ మీదుగా లాగుతోంది." 14 అక్షరాలు, రెండున్నర సెకన్లలో అయిపోతుంది. వెంటనే సుయ్. తర్వాత "కాగితంలాంటి పొర లేచింది."

టెక్_తమ్ముడు
ఏడు నిమిషాల్లో పాతిక రేకులు తీస్తుంది కదా. పాతిక సార్లు చెప్పాలా?

నాలుగో_వరుస
వద్దు బాబూ! ఒక్కసారి చెప్తే చాలు. ఆ తర్వాత సుయ్ మన్న ప్రతిసారీ నాకే తెలుస్తుంది, అదే నాకు కావాల్సిన సంతోషం. ఏదైనా మారితే మళ్ళీ చెప్పండి. మౌనిగారు చప్పుడు గురించి చెప్పిందీ నేను బొమ్మ గురించి చెప్పేదీ ఒకటే.

మౌని
మీకు సుయ్ వినపడుతుంది, గుడ్డ కనపడదు. నాకు గుడ్డ కనపడుతుంది, సుయ్ వినపడదు. మనిద్దరం పక్కపక్కన కూర్చుంటే గోదారి_గట్టు గారికి పనే ఉండదు.

నాలుగో_వరుస
@మౌని రండి, రేకులు మధ్యలో పెట్టుకుందాం.

గోదారి_గట్టు
నెయ్యి రాసి బెల్లం పొడి చల్లి మడిచే చోట మాత్రం ఖాళీయే లేదు. పిన్ని ఆపకుండా పెళ్ళిళ్ళ ఆర్డర్ల కబుర్లు చెప్తుంది, చేతులు మాత్రం ఏదో చేస్తుంటాయి. మడత చాలా ముఖ్యం.

కత్తెర_కన్ను
అక్కడ వీడియోని ఆపాల్సిందే. వివరణ ఉన్న వీడియోని విడిగా చేస్తారు కాబట్టి ఎడిటింగ్‌లో ఆ ఫ్రేముని 8 సెకన్లు స్తంభింపజేసి మడత చెప్పి మళ్ళీ వదలండి. అందుకే వివరణ వీడియో అసలుదానికంటే కాస్త పొడుగవుతుంది, తప్పులేదు. పేరులో "ఆడియో వివరణతో" అని పెట్టి, అసలు వీడియో కింద మొదటి వరుసలోనే దాని లింకు ఇవ్వండి. పదో వరుసలో ఇస్తే ఎవరికీ దొరకదు.

నాలుగో_వరుస
ఇంకో దారి కూడా ఉంది. యూడిస్క్రైబ్ అని ఒక సైటు, అమెరికాలో స్మిత్ కెటిల్‌వెల్ కంటి పరిశోధన సంస్థవాళ్ళది. యూట్యూబ్ వీడియో అక్కడ తెరిచి, ఎక్కడ కావాలంటే అక్కడ మీ గొంతు రికార్డ్ చేసి అతికించొచ్చు. వినేటప్పుడు వీడియో ఆగి మీ మాట వినిపించి మళ్ళీ కదులుతుంది. కాకపోతే మరిదిగారు ఆ సైటుకే వెళ్ళి వినాలి, యూట్యూబ్‌లో వినపడదు. నాకైతే విడి వీడియోనే సుఖం, పదిమందికి పంపించుకోవచ్చు.

బందరు_లడ్డు
ఇవన్నీ చెయ్యకపోతే కేసు పెడతారా? నాదీ ఒక ఛానెల్ ఉంది, భయమేస్తోంది.

పలక_బలపం
2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఉంది. టీవీ లాంటి మాధ్యమాల్లో ఆడియో వివరణ, సైగల భాష, క్యాప్షన్లు అందేలా చూడమని ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. సినిమా హాళ్ళలో ఆడే సినిమాలకి 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఛానెల్‌కి పోలీసులు రారు. మా పిల్లలు వస్తారు, చూడ్డానికి.

నాలుగో_వరుస
గోదారి_గట్టు గారూ, తర్వాతి వీడియోకి ఒక్క మాట. పిన్నిగారిని "ఇంత", "ఇలా" బదులు "చెంచాడు నెయ్యి", "ఎడమ నుంచి కుడికి లాగాలి" అనమనండి. అప్పుడు వివరణ సగం అక్కర్లేదు.

గోదారి_గట్టు
నిన్ననే అడిగి చూశాను. "నా చేతులు కనపడుతున్నాయి కదే, మళ్ళీ నోటితో చెప్పేదేంటి" అంది. మరిదికి అర్థం కాలేదట పిన్నీ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్ళు మూసుకుని కూర్చుని, తన చేతులు ఏం చేస్తున్నాయో తనే చెప్పుకుంటూ ఒక రేకు తీసింది. అది చిరిగిపోయింది, నవ్వేసింది. కానీ ఆ మాటలన్నీ నేను రాసుకున్నాను. "గుడ్డ నాలుగు వేళ్ళకి తగిలించి, బొటనవేలు పైన" అంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ బొటనవేలు గమనించనేలేదు.

మౌని
ఆ మాటలు క్యాప్షన్లలో కూడా వస్తాయి కదా? నేనూ ఆ బొటనవేలు చూడలేదు.

కత్తెర_కన్ను
ఫైలు అయ్యాక ఒక పరీక్ష చెయ్యండి. మీరు కాదు, పిన్నిగారి మాటలు ఎప్పుడూ వినని ఎవరినైనా కూర్చోబెట్టి, శబ్దం పూర్తిగా ఆపి చూపించండి. తర్వాత "గుడ్డ ఏ చేత్తో పట్టుకుంది?" అని అడగండి. చెప్పలేకపోతే కళ్ళు కిందే ఉండిపోయాయన్నమాట, క్యాప్షన్లు ఇంకా తొందరగానే ఉన్నాయి. మీకు మాటలు నోటికొచ్చు కాబట్టి మీ కన్ను చదవదు, గుర్తుచేసుకుంటుంది.

గోదారి_గట్టు
వారం తర్వాత వచ్చాను. విడి ఫైలు పెట్టాను. పక్కింటి అమ్మాయికి శబ్దం ఆపి చూపిస్తే గుడ్డ కుడిచేత్తో అని చెప్పింది, కానీ ఐదో నిమిషంలో రెండుచోట్ల వెనక్కి జరిపింది. అక్కడ ఇంకా తగ్గించాలి, ఏ మాట తియ్యాలో తేలట్లేదు.

వివరణ వీడియో మరిదికి వినిపించాను. కుండ బోర్లించి ఉంటుందని తెలియగానే "ఓహో, అందుకా రేకు వంపుగా వచ్చేది" అన్నాడు. చివరిదాకా విన్నాడు. విని, "వదినా, నాలుగో నిమిషం దాటాక ఒక సుయ్ వేరేగా ఉంది, సగంలో తెగింది. రేకు చిరిగిందా?" అన్నాడు.

చిరిగింది. పిన్ని పక్కన పడేసి ఇంకోటి తీసింది. ఆవిడా అనలేదు, నేనూ రాయలేదు.

నాలుగో_వరుస
ఎన్ని సెకన్ల ఖాళీ ఉందక్కడ?

గోదారి_గట్టు
4:37 దగ్గర. రెండు సెకన్లు.

కత్తెర_కన్ను
"చిరిగింది. పక్కన పడేసింది." సరిపోతుంది.

మౌని
నా ఫైల్లో కూడా: [సుయ్ సగంలో తెగింది].